నోట్లో తెల్లపూత: మందు బిడ్డకేనా, తల్లికి కూడానా?

కావలి చిన్నమ్మ

మా బాబుకి 50 రోజులు. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పూత. మెడికల్ షాపులో ఇచ్చిన మౌత్ పెయింట్ మూడు రోజులు రాస్తే పోయింది, ఆపేశాను. ఐదో రోజుకి మళ్లీ వచ్చింది. రెండు నిమిషాలు చీకి, వదిలేసి ఏడుస్తున్నాడు. డాక్టరుగారు బిడ్డకి రాస్తే చాలన్నారు. ఏఎన్ఎం అక్క నన్నూ చనుమొనలకి రాసుకోమంటోంది. మా అత్తమ్మ వెలిగారం రాద్దామంటోంది. ఎవరి మాట వినాలి?

దర్శి నానమ్మ

మీ అత్తమ్మ మాట విను తల్లీ. వెలిగారాన్ని పెనం మీద పొంగించి, మెత్తగా నూరి, తేనెలో రంగరించి వేలితో నాలుక మీద రాస్తే రెండు పూటల్లో పోద్ది. నా నలుగురు పిల్లలకీ, ఆరుగురు మనవళ్లకీ అదే రాశాను. ఒక్కళ్లకీ ఏమీ కాలేదు. ఇప్పటి వాళ్లకి ప్రతిదానికీ టెన్షనే.

పెన్నా గట్టు

అది ఫంగస్ అండీ. బిడ్డ నోటి నుంచి తల్లికి, తల్లి నుంచి మళ్లీ బిడ్డకి తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఓ పది రోజులు మీ పాలు మాన్పించి డబ్బా పాలు పట్టండి. పాలపీకలు రోజూ మరిగించండి. పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలుంటే పారబోయండి. మా ఇంట్లో అట్టే చేశాం, తగ్గింది.

ఉలవపాడు మామిడి

నాకూ సరిగ్గా ఇదే వచ్చింది. ఆయాసానికి పీల్చే మందు వాడతాను, దాని వల్ల నోరంతా తెల్లబడింది. పీల్చాక నోరు పుక్కిలించమన్నారు, పోయింది. బాబుకి పుక్కిలించడం రాదు కాబట్టి పాలు తాగాక రెండు చెంచాల నీళ్లు పట్టండి.

వార్డులో ఇరవయ్యేళ్లు

చిన్నపిల్లల వార్డులో నర్సుగా చేశాను. ముందు ఆ నీళ్ల సంగతి. ఆరు నెలల లోపు బిడ్డకి నీళ్లు పట్టకూడదు. చిన్న పొట్ట, నీళ్లతో నిండితే పాలకి చోటుండదు. మీకు వచ్చిన కారణం నిజమే, కానీ అది మందు పీల్చే పెద్దవాళ్ల సంగతి.

చిన్నమ్మా, నాలుగు విషయాలు చెప్పు. పాలు తాగిన గంట తర్వాత, తడిపిన మెత్తటి గుడ్డ వేలికి చుట్టుకుని బుగ్గ లోపల మెల్లగా తుడిస్తే పూత వస్తోందా? మందు పాలకి ముందు రాశావా, తర్వాతా? రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తున్నాడు? పాలిచ్చాక నీకు నొప్పి ఉందా?

కావలి చిన్నమ్మ

తుడిస్తే నాలుక మీది కొంచెం వచ్చింది అక్కా. బుగ్గలది రాలేదు. ఇంకాస్త గట్టిగా తుడిస్తే కింద ఎర్రగా కనిపించింది, భయమేసి ఆపేశాను. మందు పాలకి ముందే రాసేదాన్ని, రోజుకి రెండుసార్లు. రాయగానే పాలకి ఏడిస్తే వెంటనే పట్టేదాన్ని. ఉచ్చ నిన్న ఏడుసార్లు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నెలన్నర టీకాకి వెళ్లినప్పుడు 4.1 ఉన్నాడు.

నొప్పి ఉంది. పాలిచ్చేటప్పుడు కాదు, ఇచ్చాక అరగంట దాకా పచ్చిమిరపకాయ రాసినట్టు మంట. మొదటి నెల అంతా బాగానే ఉంది, ఈ వారంలోనే మొదలైంది. ఆపరేషన్ కాన్పు కదా, కుట్లకి యాంటీబయాటిక్ వాడాను. దానివల్లనా?

వార్డులో ఇరవయ్యేళ్లు

తుడిస్తే రాకుండా కింద ఎర్రగా ఉందంటే అది పాలు కాదు, కాండిడా అనే ఫంగసే. పాల మరక అయితే నాలుక మీదే ఉంటుంది, తుడిస్తే పోతుంది. బుగ్గల లోపల, పెదాల వెనక, చిగుళ్ల మీద అతుక్కుని ఉందంటే అనుమానం అక్కర్లేదు. ఇక తుడవొద్దు, గీరితే పుండవుతుంది. ఈ ఫంగస్ కొంచెం కొంచెం అందరిలోనూ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే మంచి సూక్ష్మజీవులు యాంటీబయాటిక్‌కి తగ్గిపోతే అది పెరుగుతుంది. కాబట్టి నీ అనుమానం సబబే.

మళ్లీ రావడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. పాలకి ముందు రాస్తే ఆ మందు పాలతో పాటు పొట్టలోకి పోతుంది. ఇది నోటి పొరకి అంటుకుని పనిచేయాల్సిన మందు. పాలు తాగాక చేతులు కడుక్కుని, శుభ్రమైన వేలితోనో దూదితోనో ఆ బుగ్గకి కొంచెం, ఈ బుగ్గకి కొంచెం, నాలుక మీద కొంచెం అద్దు. గొంతు దాకా పోనివ్వకు, వాంతి చేసుకుంటాడు. తర్వాత ఓ అరగంట పాలు పట్టకు. రోజుకి ఎన్నిసార్లో డాక్టరుగారు రాసిచ్చినట్టు. నిస్టాటిన్ అనే ఫంగస్ మందు చుక్కలు రాసిస్తే మామూలుగా రోజుకి నాలుగుసార్లు, ఒక్కో బుగ్గ వైపు సగం సగం.

రెండోది, మూడు రోజులకే ఆపేయడం. కంటికి కనబడే పూత పోయినా పొరలో మిగిలి ఉంటుంది. నిస్టాటిన్ అయితే పూత పోయాక కూడా ఇంకో రెండు రోజులు వేయిస్తారు, మొత్తం వారం దాటుతుంది. పూత పోగానే సీసా మూత బిగించి అటక మీద పెట్టేసే తల్లుల్ని ఎంతమందిని చూశానో.

షాపులో మైకోనజోల్ అనే ఫంగస్ జెల్ ఇచ్చినా తీసుకోకు. బంకలా ఉంటుంది. నాలుగు నెలల లోపు పిల్లలకి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది.

పాలు మాన్పించొద్దు. పీకలు మరిగించమన్నది మాత్రం మంచి మాట. పిండిన పాలు పారబోయక్కర్లేదు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఫంగస్ చావదు కాబట్టి ముందుకి దాచకుండా ఆ రోజువి ఆ రోజే పట్టేయి.

పెన్నా గట్టు

అయితే మా వాడికి ఎట్ట తగ్గిందండీ, పాలు మాన్పిస్తేనే కదా?

వార్డులో ఇరవయ్యేళ్లు

ఆ పది రోజులూ మందు కూడా వేశారా?

పెన్నా గట్టు

వేశాం లెండి.

దర్శి నానమ్మ

నా మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. మా అమ్మ కూడా అదే రాసింది.

వార్డులో ఇరవయ్యేళ్లు

చెప్తాను పెద్దమ్మా. వెలిగారం ఫంగస్ మీద కొంత పనిచేస్తుంది, అందుకే మీకు తగ్గినట్టు కనిపించింది. కానీ పసివాడు దాన్ని ఉమ్మేయలేడు, మింగుతాడు. అందులోని బోరాన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, రోజూ రాస్తే పేరుకుంటుంది. విదేశాల్లో తేనె, వెలిగారం కలిపిన మందుని నోటిపీకకి అద్ది చీకించిన పసిపిల్లలకి ఫిట్స్ వచ్చాయి. ఏడుగురి సంగతి 1983లో వైద్య పత్రికలో రాశారు. అది మాన్పిస్తే ఫిట్స్ ఆగాయి. నోటిపూతకి రాసే పాత బోరోగ్లిజరిన్ మందుది కూడా ఇదే కథ. ఇక తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు ఉండొచ్చు. ఏడాది లోపు బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి, ఒళ్లు వాలిపోయి, పాలు చీకలేని స్థితి వస్తుంది. అరుదే, కానీ వస్తే ఐసీయూలో పెట్టాలి.

దర్శి నానమ్మ

పదిమందికి రాశాను, ఒక్కళ్లకి రాలేదంటున్నా కదా. సరే, తేనె మానేస్తే?

వార్డులో ఇరవయ్యేళ్లు

అప్పుడూ వెలిగారం మిగులుతుంది పెద్దమ్మా.

ఒంగోలు మందుల షాపు

ఇరవయ్యేళ్లుగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. తల్లికి రాయాలా? నా ఉద్దేశంలో అందరికీ అక్కర్లేదు. పాలిచ్చే తల్లికి నొప్పి అనగానే ఫంగస్ క్రీము రాసిచ్చేస్తున్నారు. చాలామందికి అసలు కారణం బిడ్డ నోరు సరిగా పట్టకపోవడం. చనుమొన కొసని మాత్రమే పట్టి లాగుతుంటే అది నలుగుతుంది. ఏ బాధా లేని తల్లుల దగ్గర పరీక్ష చేసినా ఇదే ఫంగస్ దొరుకుతుంది, అందుకే నొప్పికి అదే కారణమా అని వైద్యుల్లోనే వాదన ఉంది. మూడు ట్యూబులు అయిపోయాక నా దగ్గరికి నాలుగో ట్యూబుకి వచ్చిన ఆమెకి తెలిసిన నర్సు బిడ్డని పట్టుకునే తీరు మార్చింది, అంతే, నొప్పి పోయింది.

వార్డులో ఇరవయ్యేళ్లు

పట్టు వల్ల నొప్పి అయితే ఎక్కువగా మొదటి రోజు నుంచీ, బిడ్డ చీకేటప్పుడు ఉంటుంది. చిన్నమ్మకి నెల రోజులు బాగుండి, బిడ్డ నోట్లో పూత వచ్చాకే మొదలైంది, పాలిచ్చాక మంట. చర్మం గులాబీ రంగులో మెరుస్తూ, సన్నగా పొట్టు లేస్తోందా చూసుకోమ్మా. అట్ట ఉంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి. క్రీము పాలిచ్చాక పల్చగా రాసుకుని, మళ్లీ పాలిచ్చే ముందు కనబడేంత మిగిలితే తుడిచేయాలి. ఈ మంట సంగతి డాక్టరుగారికి చెప్పావా?

కావలి చిన్నమ్మ

మెరుస్తోంది అక్కా, దురద కూడా ఉంది. డాక్టరుగారికి చెప్పలేదు. ఆయన బాబుని చూశారు, నన్ను అడగలేదు, నేనూ సిగ్గుపడి ఊరుకున్నా.

ఒంగోలు మందుల షాపు

అదీ విషయం. ఆయనకి తెలిసినంత వరకు ఆయన చెప్పింది కరెక్టే. ఈమెకి రాసుకోమనడానికి నేనూ అడ్డు చెప్పను. కానీ నొప్పి, దురద ఏమీ లేని తల్లికి కూడా రాయాలంటే మాత్రం ఒప్పుకోను.

వార్డులో ఇరవయ్యేళ్లు

మా వార్డులో తల్లికి బాధ లేకపోయినా ఇద్దరికీ రాయించేవాళ్లం. తిరిగి వచ్చేవాళ్లు తగ్గినట్టే అనిపించేది. లెక్కలు రాసి చూడలేదు కాబట్టి మిమ్మల్ని ఒప్పించలేను.

కావలి చిన్నమ్మ

ఆరు రోజుల తర్వాత రాస్తున్నా. వెళ్లి చెప్పాను, డాక్టరుగారు నాకూ క్రీము రాశారు. బాబుకి పాలు తాగాకే మందు రాస్తున్నా. బుగ్గల లోపల ఏమీ లేదు. నాలుక మీద మధ్యలో కాస్త తెలుపు ఉంది, గుడ్డతో తుడిస్తే వచ్చేస్తోంది. నిన్న రాత్రి ఇరవై నిమిషాలు వదలకుండా తాగాడు. నా మంట సగం తగ్గింది. కానీ డైపర్ దగ్గర తొడల మడతల్లో ఎర్రగా ఉంది, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు. పౌడరు వేస్తే పోతుందా?

వార్డులో ఇరవయ్యేళ్లు

పౌడరు వద్దు, ఊపిరిలోకి పోతుంది. మడతల్లో ఎర్రదనం, చుట్టూ చుక్కలు అంటే అదే ఫంగస్ అక్కడా చేరినట్టుంది, దానికి వేరే క్రీము ఉంటుంది. రేపే చూపించు. డైపర్ తడవగానే మార్చు, పగలు కాసేపు అది లేకుండా వదిలేయి. నోటి మందు మాత్రం తెలుపు తగ్గిందని ఆపకు. జ్వరం 100.4 దాటినా, పాలు పూర్తిగా మానేసినా రేపటి దాకా ఆగకు.

దర్శి నానమ్మ

మా మనవరాలికి వచ్చే నెల పురుడు. ఆ నిస్టాటిన్ అనేది దర్శిలో దొరుకుతుందా?