కరెంట్ రేషియో 2కి చేరింది, లాభం తగ్గింది: ద్రవ్యత్వం పెరిగినట్టేనా?

ఒంగోలు విద్యార్థిని:
నేను బీకాం చివరి సంవత్సరం. చీమకుర్తి దగ్గర గ్రానైటు రాళ్లను పలకలుగా కోసి, పాలిష్ చేసి అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రెండేళ్ల లెక్కలపై ప్రాజెక్టు చేస్తున్నాను. అంకెలన్నీ లక్షల రూపాయల్లో ఉన్నాయి. 2023-24లో కరెంట్ ఆస్తులు 480 (సరుకు నిల్వ 240, రావలసిన బాకీలు 200, నగదు 30, ఇతరాలు 10), కరెంట్ అప్పులు 320. 2024-25లో ఆస్తులు 630 (నిల్వ 360, బాకీలు 240, నగదు 12, ఇతరాలు 18), అప్పులు 315. కాబట్టి ఆస్తులను అప్పులతో భాగిస్తే వచ్చే కరెంట్ రేషియో 1.50 నుంచి 2.00కి పెరిగింది. అమ్మకాలు 1200 నుంచి 1080కి, పన్నుకు ముందు లాభం 72 నుంచి 43కి తగ్గాయి. ద్రవ్యత్వం, అంటే దగ్గర్లో కట్టాల్సిన అప్పులు తీర్చగల శక్తి, పెరిగితే లాభదాయకత తగ్గుతుందని, కోరిలేషన్ కూడా -1 వచ్చింది కాబట్టి అదే ముగింపుగా రాయమని మా గైడ్ చెప్పారు. కంపెనీ అకౌంటెంటు గారేమో నెలాఖరుకు జీతాలకే కటకటగా ఉందంటున్నారు. నేను ఏది రాయాలి?

కందుకూరు కామర్స్:
మీ గైడ్ చెప్పినదే సరైనది. 2కు 1 ఉండాలన్నది మనం ఇంటర్ నుంచి చదువుకున్న ప్రమాణం. పోయిన సంవత్సరం 1.50తో వెనకబడి ఉన్న కంపెనీ ఈసారి దాన్ని అందుకుంది. కరెంట్ ఆస్తుల్లో డబ్బు ఎక్కువగా నిలిచిపోతే దానిపై రాబడి ఉండదు, అందువల్ల లాభం తగ్గింది. అకౌంటెంటు గారి మాట ఒక నెల ఇబ్బంది గురించి అయి ఉంటుంది. ప్రాజెక్టులో లెక్కే ప్రమాణం, మాట కాదు.

పెన్నా తీరం:
నేను నెల్లూరులో ఉంటాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. కందుకూరు వారు చెప్పిన వాటిలో ఒక మాట నిజం: కరెంట్ ఆస్తుల్లో డబ్బు నిలిచిపోయింది. కానీ నిలిచిపోయిన డబ్బును ద్రవ్యత్వం అని ఎలా అంటారు? ఇక 2కు 1 అనేది పుస్తకాల్లోని మాట. వర్కింగ్ క్యాపిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు వేసిన టాండన్ కమిటీ రెండో పద్ధతి నుంచి వచ్చిన 1.33ను మేము కనీస హద్దుగా చూసేవాళ్లం. ఏ అంకె దాటిందన్నది తర్వాత సంగతి, దాన్ని దాటించినది ఏమిటన్నది ముందు చూడాలి.

అమ్మా, నాకు రెండు సంగతులు చెప్పండి. కరెంట్ ఆస్తులు 150 పెరిగాయి, అప్పులు 5 తగ్గాయి. అంటే 155 లక్షలు బయటి నుంచి వచ్చి ఇందులో చేరాయి. 43 లక్షల లాభంతో ఇది జరగదు. ఈ ఏడాది కంపెనీ ఏదైనా దీర్ఘకాలిక రుణం తీసుకుందా? తీసుకుంటే, వచ్చే 12 నెలల్లో కట్టాల్సిన వాయిదాలను మీరు 315లో కలిపారా?

కావలి రైసు మిల్లు:
ఇది మా మిల్లు సంగతిలాగే ఉంది. మా ప్రాంతంలో రబీ వరి కోతలు మార్చి నాటికి జోరుగా సాగుతుంటాయి. మార్చి 31న గోదాము నిండా ధాన్యం, రైతులకు ఇవ్వాల్సిన డబ్బు, బ్యాంకు పరిమితి దాకా వాడుకోనిచ్చే సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ ఖాతా అంచు దాకా వాడకం. అదే నవంబరులో చూస్తే వేరే కంపెనీలా ఉంటుంది. రుణం పెంచమని అడిగితే మార్చి అంకె చూసి బ్యాంకు వాళ్లు కాదన్నారు. ఈ అమ్మాయి కంపెనీకి రుణం ఇస్తారా ఇవ్వరా అన్నది ఏ నెల లెక్క చూపిస్తారనే దాన్ని బట్టే ఉంటుంది. సెప్టెంబరు లెక్క తీయించమని చెప్పండి.

పెన్నా తీరం:
మిల్లు వారూ, ఆమె అడిగింది రుణం గురించి కాదు. అయినా మీరు చెప్పినది విలువైన మాట. ధాన్యం మిల్లుకు మార్చి 31 ఏడాది మొత్తానికి అద్దం పట్టదు. గ్రానైటుకు పంట కాలం లేదు కనుక ఇక్కడ ఆ తేడా అంతగా ఉండదు.

ఒంగోలు విద్యార్థిని:
అడిగి తెలుసుకున్నాను. సీసీ పరిమితి చాలక, బ్యాంకు 5 ఏళ్ల గడువుతో 175 లక్షల వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోన్ ఇచ్చిందట. ఏడాదికి 35 లక్షల వాయిదా, ఇంకా మొదలు కాలేదు. నాకు ఇచ్చింది ఆడిట్ కాని తాత్కాలిక బ్యాలెన్స్ షీటు. అందులో 175 మొత్తం దీర్ఘకాలిక రుణాల కిందే ఉంది. నేను అలాగే తీసుకున్నాను.

పెన్నా తీరం:
చిక్కుముడి అక్కడే ఉంది. కంపెనీల చట్టం షెడ్యూల్ 3ను 2021లో సవరించినప్పటి నుంచి, దీర్ఘకాలిక రుణంలో ఏడాదిలోపు కట్టాల్సిన భాగాన్ని స్వల్పకాలిక రుణాల కింద విడిగా చూపాలి. ఆ 35 కలిపితే కరెంట్ అప్పులు 350, రేషియో 1.80. మీ 2.00 అక్కడే పోయింది.

మిగిలిన 1.80 కూడా ఎవరి బలమో చూద్దాం. ఆ రుణం రాలేదనుకోండి. ఇంతే సరుకునూ, ఇన్నే బాకీలనూ మోయడానికి కంపెనీ ఆ 175 లక్షలను సరఫరాదారుల దగ్గరో సీసీలోనో తెచ్చుకోవాలి. అప్పుడు కరెంట్ అప్పులు 490 అవుతాయి, రేషియో 1.29కి దిగుతుంది. పోయిన ఏటి 1.50 కన్నా తక్కువ. అంటే వ్యాపారం తనంతట తాను సంపాదించిన ద్రవ్యత్వం తగ్గింది. పైకి కనిపిస్తున్న పెరుగుదల మొత్తం అప్పుది. అకౌంటెంటు గారు జీతాల గురించి చెప్పిన మాట, లెక్క చెప్పిన మాట ఒకటే.

సరుకు తీసేసి చూసినా అంతే. పోయిన ఏడాది క్విక్ రేషియో 0.75, ఈ ఏడాది వాయిదా కలిపి 0.77. మారలేదన్నమాట. అందులో కూడా నగదు 30 నుంచి 12కి పడిపోయింది, ఆ చోటులోకి బాకీలు వచ్చి కూర్చున్నాయి.

కందుకూరు కామర్స్:
వాయిదా విషయంలో నేను పొరపడ్డాను, ఒప్పుకుంటాను. కానీ "రుణం రాలేదనుకోండి" అనే ఊహ మీద ప్రాజెక్టు రాయలేం. రుణం వచ్చింది, అది 5 ఏళ్లదే. బ్యాంకు ఇచ్చిన ఊపిరి కూడా ఊపిరే కదా. వచ్చే ఏడాది ఎవరికీ ఉన్నట్టుండి 175 కట్టనక్కర్లేదు. 1.80 నిజమైన అంకె.

పెన్నా తీరం:
1.80 నిజమే, కాదనను. ఆ ఊపిరి దేనికి ఖర్చయిందన్నదే నా అభ్యంతరం. రోజుల్లోకి మార్చి చూడండి. బాకీలు వసూలు కావడానికి పోయిన ఏడాది సుమారు 61 రోజులు పట్టేది, ఇప్పుడు 81. అమ్మిన సరుకు ఖర్చు 900 నుంచి 820కి తగ్గిందని విద్యార్థిని నాకు విడిగా పంపారు. దానితో లెక్కిస్తే నిల్వ 97 రోజుల నుంచి 160 రోజులకు పెరిగింది. అమ్మకం తగ్గుతున్నప్పుడు నిల్వ పెరిగితే, అది కొనేవారి కోసం సిద్ధంగా ఉంచిన సరుకు కాదు, కొనేవారు లేక మిగిలిన సరుకు.

చీమకుర్తి గుమస్తా:
నేను ఇక్కడ ఒక యార్డులో లెక్కలు రాస్తాను. మీరందరూ 360ని నిజమని అనుకుని మాట్లాడుతున్నారు. ముందు ఆ అంకె ఎలా వచ్చిందో అడగండి. చాలా యార్డుల్లో మార్చి 31న పలకలను చదరపు అడుగుల్లో కొలిచి, సగటు ఖర్చుతో హెచ్చవేస్తారు. బంగారు చుక్కలు నిండుగా ఉన్న గెలాక్సీ పలకకూ, మధ్యలో గీత పడిన పలకకూ, రంగు మచ్చ వచ్చిన పలకకూ ఒకటే రేటు పడుతుంది. గీత పలక ఎగుమతికి పోదు. స్థానికంగా ఎవరైనా మెట్లకో వంటగది గట్టుకో అడిగితే తక్కువ ధరకు ఇచ్చేస్తాం. అడగకపోతే షెడ్డు వెనక గోడకు ఆనించి ఉంటుంది, ఏటేటా లెక్కలో మాత్రం పూర్తి రేటుతో కనిపిస్తుంది.

అమ్మా, అకౌంటెంటు గారిని నాణ్యత వారీగా జాబితా అడగండి. లేదంటే మీరే యార్డుకు వెళ్లి చూడండి. పలకల మీద దుమ్ము, చివర్లో రాసిన తేదీలు చూస్తే ఎప్పటి సరుకో తెలిసిపోతుంది.

ఒంగోలు విద్యార్థిని:
గుమస్తా గారూ, నిన్న యార్డుకు వెళ్లాను. గీత, మచ్చ ఉన్న పలకలు దాదాపు లక్ష చదరపు అడుగులు ఉన్నాయని సూపర్‌వైజరు చెప్పారు. లెక్కలో వాటికి అడుగుకు 100 రూపాయలు వేశారు. గత ఆరు నెలల్లో అలాంటివి అమ్మిన బిల్లులు చూస్తే 60 రూపాయల చుట్టూ ఉన్నాయి.

పెన్నా తీరం:
అయితే 40 లక్షలు ఎక్కువ చూపినట్టు. సరుకును కొన్న ఖర్చు, అమ్మితే నికరంగా వచ్చేది, ఈ రెంటిలో ఏది తక్కువో దానికే చూపాలని అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెబుతుంది. ఆ 40 తీసేస్తే రేషియో 1.69. అంతకన్నా ముఖ్యంగా లాభం చూడండి. ముగింపు నిల్వ ఎంత తగ్గితే లాభం అంత తగ్గుతుంది. 43 లక్షల లాభం 3 లక్షలు అవుతుంది.

మీ గైడ్ గారి విలోమ సంబంధం గురించి ఇక్కడే ఆలోచించాలి. నిల్వను పెంచి చూపితే ద్రవ్యత్వమూ పెరుగుతుంది, లాభమూ పెరుగుతుంది. దిద్దితే రెండూ కలిసి తగ్గుతాయి. ఈ కంపెనీలో అవి ఒకదానికొకటి ఎదురు నడవడం లేదు. అమ్ముడుపోని సరుకు అనే ఒకే జబ్బుకు రెండు లక్షణాలు అవి.

కావలి రైసు మిల్లు:
ఇది విని నాకు భయం వేసింది. మా నూకలను కూడా బియ్యం రేటుకే వేస్తున్నామేమో చూసుకోవాలి.

చీమకుర్తి గుమస్తా:
కోరిలేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు అంటే రెండు బిందువులు. రెండు బిందువుల గుండా ఎప్పుడూ ఒక గీత పోతుంది. రెండు అంకెలూ మారితే చాలు, ఫలితం +1 లేదా -1 మాత్రమే వస్తుంది. ఏ రెండేళ్ల ఏ రెండు అంకెలు తీసుకున్నా ఇంతే. వాన పడిన రోజులు, గ్రానైటు లాభం పెట్టి చూసినా -1 రావచ్చు. ఆ పట్టిక తీసేయండమ్మా.

కందుకూరు కామర్స్:
కోరిలేషన్ పట్టిక తీసేయాలన్న దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ 40 లక్షల విషయంలో ఒప్పుకోను. లెక్కను దిద్దే హక్కు ఆడిటరుది. సూపర్‌వైజరు మాట, ఆరు నెలల బిల్లులు పట్టుకుని ఒక విద్యార్థిని కంపెనీ లాభాన్ని 43 నుంచి 3కి దింపితే, వైవాలో మొదటి ప్రశ్నకే నిలబడలేదు. రేపు ఆడిటరు 15 తగ్గించి ఊరుకుంటే ఏమంటారు?

పెన్నా తీరం:
ఆడిటరు 15 అంటే 15. నేను చెప్పేది కంపెనీ ఇచ్చిన అంకెలు ఒక వరుసలో, వాయిదా కలిపి దిద్దినవి ఒక వరుసలో, నిల్వపై సందేహంతో లెక్కించినవి మూడో వరుసలో పెట్టమని. మూడో వరుస ఎక్కడి నుంచి వచ్చిందో కింద స్పష్టంగా రాయాలి. దాచడం కన్నా అదే మేలు. 2021-22 నుంచి కంపెనీలే 11 రేషియోలు నోట్సులో ఇవ్వాలి, పోయిన ఏటి కన్నా 25 శాతానికి మించి మారితే కారణం చెప్పాలి. ఆడిట్ అయిన లెక్కలు వచ్చాక నిల్వ వేగం పడిపోయిన దానికి వాళ్లు రాసిన కారణం చదవండి.

కందుకూరు కామర్స్:
మూడో వరుసను అనుబంధంలో పెట్టవచ్చు. ముగింపులో మాత్రం వద్దు.

ఒంగోలు విద్యార్థిని:
మొదటి రెండు వరుసలతో మా గైడ్ గారి దగ్గరికి వెళ్లాను. వాయిదా విషయం చూసి ఆయనే కోరిలేషన్ పట్టిక కొట్టేశారు. నిల్వ గురించి మాత్రం, ఆడిట్ నివేదిక వచ్చే దాకా ఒక్క మాట కూడా రాయవద్దన్నారు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దానికన్నా ముందే ఉంది. యార్డులో తీసుకున్న బిల్లుల వివరాలు అనుబంధంలో పెట్టనివ్వమని సోమవారం మళ్లీ అడుగుతాను.