అప్‌డేట్: ఉల్లి ధర ఊగిసలాట ఆగుతుందా, పెరుగుతుందా?

నేను అడిగింది: "మహబూబ్‌నగర్ వైపు ఉల్లి ధర ఒక పంటకు ఎగిరి మరో పంటకు పడిపోతోంది. రైతు పోయిన పంట ధర చూసి ఈసారి ఎంత వేయాలో తేల్చుకుంటాడనే సాలెగూడు నమూనా ప్రకారం ఇది ఎప్పటికైనా కుదుటపడుతుందా?"

కాగితం మీద లెక్క వేసి చూడమని మీరు జవాబిచ్చారు, అలాగే వేశాను. అంకెలు ఊహించుకున్నవే. Q అంటే పరిమాణం, P అంటే ఈ పంట ధర, P(t-1) అంటే పోయిన పంట ధర. గిరాకీ `Q = 100 - 2P`. రైతు పోయిన పంట ధర చూసి నాటు వేస్తాడు కాబట్టి సరఫరా `Q = 30 + 1.5*P(t-1)`. సమతుల్య ధర కిలో 20 రూపాయలు. ఒక పంటకు ధర 28కి ఎగిరితే, తర్వాత 14, ఆపై 24.5, ఆపై 16.6. ప్రతిసారీ 20తో తేడా ముప్పాతికకు తగ్గుతోంది, ఎందుకంటే 1.5ను 2తో భాగిస్తే 0.75.

సరఫరాను `10 + 2.5*P(t-1)`గా మార్చాను. సమతుల్య ధర అదే 20, కానీ 24తో మొదలుపెడితే 15, 26.25, 12.2. 20తో తేడా ప్రతిసారీ పెరుగుతూ సాలెగూడు విచ్చుకుపోతోంది.

అసలు ఆసక్తికరమైనది ఇక్కడుంది. రైతు మరీ అంత అమాయకుడేమీ కాదు. 24 వస్తుందనుకుని 15కే అమ్ముకున్నవాడు, ఈసారి రెంటికీ మధ్యలో 19.5 వస్తుందని అంచనా వేస్తాడనుకోండి. అప్పుడు సరఫరా 58.75, ధర 20.63! పేలిపోయే లెక్క ఒక్క పంటలో దారికొచ్చింది. దేవరకద్ర మార్కెట్ ధరలతో పోల్చేటప్పుడు మాత్రం వానలు, ఎగుమతి ఆంక్షల ప్రభావాన్ని ముందు విడదీయాలి. ఈ నమూనాలో వాటికి చోటు లేదు.