సూటు ఫోటోనా, చెరువు గట్టు ఫోటోనా? ఆక్వా కన్సల్టెంట్ ప్రొఫైల్‌పై చర్చ

భీమవరం ఆక్వా:
ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్‌గా చేసి మానేశాను. ఇప్పుడు సొంతంగా వనామీ రొయ్యల చెరువులకు ఫీజు తీసుకుని సలహాలు ఇస్తున్నాను. వాట్సాప్ బిజినెస్‌కీ, లింక్డిన్‌కీ ఫోటో, బ్యానర్ పెట్టాలి. నా దగ్గర రెండు ఫోటోలున్నాయి. ఒకటి స్టూడియోలో బ్లేజర్‌తో తీయించుకున్నది, వెనక తెల్ల గోడ. రెండోది గట్టు మీద నేనే తీసుకున్న సెల్ఫీ, పాత కంపెనీ టోపీతో, చేతిలో రొయ్యలతో. బ్యానర్‌కి ధవళేశ్వరం బ్యారేజి సాయంత్రం ఫోటో అనుకుంటున్నాను. రైతులూ నమ్మాలి, ఎక్స్‌పోర్ట్ కంపెనీలవాళ్ళూ నమ్మాలి. ఏది పెట్టమంటారు?

కాకినాడ డిజైనర్:
బ్లేజర్ ఫోటోనే పెట్టండి, ఇందులో ఆలోచించేదేం లేదు. లింక్డిన్ అంటేనే ఆఫీసు వాతావరణం. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మనిషి శుభ్రంగా, పద్ధతిగా కనిపిస్తాడు. బ్యానర్‌లో బ్యారేజి మాత్రం వద్దు, టూరిజం పేజీలా ఉంటుంది. దాని బదులు పేరు, ఫోన్ నంబరు, ఏమేం చేస్తారో ఆ లిస్టు, ఉన్న సర్టిఫికెట్లు, మీరు వాడించే మందుల ఫోటోలు వరసగా పెడితే చూసినవాడికి ఒక్క చూపులో అన్నీ తెలుస్తాయి.

పాలకొల్లు రైతు:
నాకు పదెకరాల చెరువులున్నాయండి. మీ ప్రొఫైల్ చూసి ఫోన్ చెయ్యాలా వద్దా అనుకునేవాళ్ళలో నేనొకణ్ణి, అందుకే చెబుతున్నాను. బ్లేజర్ ఫోటో వాట్సాప్‌లో కనిపిస్తే ఇన్సూరెన్సో, లోనో అనుకుని మెసేజ్ తెరవను. అలాగని ఆ టోపీ ఫోటో చూసినా ఫోన్ చెయ్యను.

ఎందుకో వినండి. మా దగ్గర ఊరికే సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. మందుల షాపాయన ఇస్తాడు, ఫీడ్ కంపెనీ కుర్రాడు వారం వారం వచ్చి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రే చూసి ఇస్తాడు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కానీ చెప్పిందంతా విన్నాక చివరికి ఒక బకెట్టో, ఒక ప్యాకెట్టో చేతిలో పెడతారు. మీకు ఫీజిచ్చి పిలిచేదే అమ్ముకోవడానికి ఏమీ లేని మనిషి మాట కోసం. నెత్తిన కంపెనీ పేరు పెట్టుకుని నేను స్వతంత్రుణ్ణి అంటే ఎలా నమ్మాలి? ఆ డిజైనర్ గారు చెప్పినట్టు బ్యానర్ నిండా మందుల డబ్బాలు పెట్టారంటే ఇక మీకూ షాపుకీ తేడా లేదు.

తణుకు స్టూడియో:
రైతుగారి మాటకు వంద మార్కులు. ఫోటో తీసేవాడిగా నాకు తెలిసింది కూడా చెబుతాను.

ముందు సెల్ఫీ సంగతి. చెయ్యి చాపి తీసుకుంటే కెమెరా మొహానికి అడుగున్నర, రెండడుగుల దూరంలో ఉంటుంది. అంత దగ్గర్లో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఇది అందం గొడవ కాదు. అమెరికాలో కాల్‌టెక్ పరిశోధకులు 2012లో ఒకే మనుషుల్ని 45 సెంటీమీటర్ల నుంచీ, 135 సెంటీమీటర్ల నుంచీ తీసి చూపించారు. దగ్గర నుంచి తీసిన ఫోటోలోని మనిషిని జనం తక్కువ నమ్మదగినవాడిగా లెక్కేశారు. మనిషి అదే మనిషి. కాబట్టి ఎవరితోనైనా తీయించండి. వాళ్ళు అయిదారు అడుగులు వెనక్కి నిలబడి, ఫోన్‌లో 2x నొక్కి తియ్యాలి. కెమెరా మీ కళ్ళ ఎత్తులో ఉండాలి. గట్టు మీద వాళ్ళు పైనా మీరు కిందా ఉండొద్దు.

రెండోది వెలుగు. మధ్యాహ్నం గట్టు మీద తీస్తే ఎండ నడినెత్తిన ఉండి కళ్ళ గుంటలు నల్లగా పడతాయి, టోపీ ఉంటే సగం మొహం కనబడదు. కళ్ళు కనబడని మొహాన్ని ఎవరూ నమ్మరు. పొద్దున్నే ఎండ చురుక్కుమనక ముందు, సూర్యుడు మీకు ఒక పక్కగా ఉండేట్టు నిలబడండి.

మూడోది మీ తెల్ల గోడ. మన రంగు వాళ్ళను తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు నిలబెడితే ఫోన్ ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించేస్తుంది, మొహం మసకబారుతుంది. అప్పుడు కొందరు స్టూడియోవాళ్ళు మొహాన్ని తెల్లగా చేసి ఇస్తారు. మీ ఫోటో కూడా అలాంటిదైతే పెట్టొద్దు. మర్నాడు చెరువు దగ్గరికి వచ్చిన మనిషి ఫోటోలో మనిషిలా లేకపోతే మొదటి నిమిషంలోనే అనుమానం మొదలవుతుంది. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపి, స్క్రీన్ మీద మొహాన్ని వేలితో నొక్కి తియ్యండి. వెలుగు మొహానికి సరిపోతుంది, వెనక ఆకాశం కాస్త తెల్లబోయినా ఫర్వాలేదు.

రాజమండ్రి ట్యాక్స్:
నేను జీఎస్టీ కన్సల్టెంటుని. నాకు కోటు, టై, వెనక బీరువా నిండా పుస్తకాలు ఉన్న ఫోటో బాగా పనిచేసింది. క్లయింట్లు ఆఫీసుకొచ్చి అచ్చం ఫోటోలో లాగే ఉందండీ అంటారు. నన్నడిగితే మీరు బ్యానర్‌లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా లోగో ఒకటి పెట్టండి. సర్కారు ముద్ర కనిపిస్తే ఆ నమ్మకమే వేరు.

ఎక్స్‌పోర్ట్ సోర్సింగ్:
ఎంపెడా లోగో దయచేసి పెట్టొద్దు. వాళ్ళు మీకు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప అది మీది కాదు. మూడు సింహాల చిహ్నం ఇంకా ప్రమాదం. దాన్ని ప్రైవేటు వ్యాపారానికి వాడకూడదని 2005లో చట్టమే చేశారు. మీ చదువుకి డిగ్రీ ఉంటే దాన్ని ప్రొఫైల్ లోపల రాయండి, బొమ్మలో ముద్రలు అక్కర్లేదు.

నేను ప్రాసెసింగ్ ప్లాంటు తరఫున రైతుల్నీ, కన్సల్టెంట్లనీ చూసుకునే పనిలో ఉన్నాను. మందుల డబ్బాలున్న బ్యానర్ చూస్తే నేను వెంటనే పక్కన పెడతాను. అందులో ఏ మందు ఉందని కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే విదేశాల్లో కంటైనర్ వెనక్కి తిప్పుతారు. మాకు అన్నింటికన్నా పెద్ద టెన్షన్ అదే. మందులు చూపించి గొప్ప చెప్పుకునే మనిషిని మా సరుకు దగ్గరికి రానివ్వడానికి భయం.

నాకు కావల్సిన ఫోటో ఎలా ఉంటుందంటే, ఏ పేరూ లేని శుభ్రమైన చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, చేతిలో నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరో, నీటి శాంపిల్ సీసానో. కాళ్ళు కనిపించేట్టయితే బూట్లు వేసుకోండి. ఉత్తి కాళ్ళతో నీళ్ళలో దిగి వల పట్టుకున్న ఫోటోలు చాలామంది పెడతారు. వైట్ స్పాట్ రోగం ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి కాళ్ళతో, వలలతో కూడా పోతుందని తెలిసినవాడు అలాంటి ఫోటో పెట్టడు. తెలిసిన రైతు అది చూసి, ఈయన పొద్దున్నించీ ఎన్ని చెరువులు దిగొచ్చాడో అనుకుంటాడు.

పాలకొల్లు రైతు:
అది నిజమండి. కానీ మీటరు పట్టుకున్న ఫోటో ఈ రోజుల్లో ప్రతివాడూ పెడుతున్నాడు. నాకైతే చేతిలో రొయ్య ఉండాలి. రొయ్యని పట్టుకునే తీరులోనే తెలిసిపోతుంది. తెలిసినవాడు దాన్ని వెలుగుకి ఎత్తి పేగు నిండా మేత ఉందా లేదా చూస్తాడు. తెలియనివాడు గుప్పెడు పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వుతాడు.

అమలాపురం డైటీషియన్:
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో డైట్ సలహాలు ఇస్తాను. ఫోటో పెట్టాలంటే భయం. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫోటో నా కాంటాక్టులకే కనిపించేట్టు పెట్టుకున్నాను, దాంతో కొత్తవాళ్ళకు ఖాళీ బొమ్మ కనిపిస్తోంది. లోగో పెడితే సరిపోతుందా?

కాకినాడ డిజైనర్:
లోగో పెట్టొచ్చమ్మా, కానీ ఒక్క మనిషి చేసే పనికి లోగో అంతగా నమ్మకం తేదు, వెనక ఎవరో తెలియదు కాబట్టి. లింక్డిన్‌లో కూడా ఫోటో ఎవరెవరికి కనిపించాలో సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు.

అమలాపురం డైటీషియన్:
ఫోటో చూసి పని ఇచ్చేవాళ్ళ కన్నా, ఫోటో చూసి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టేవాళ్ళే ఎక్కువన్నయ్యా. నా లెక్క మీ లెక్క వేరు. ప్రస్తుతానికి లోగోతోనే ఉంటాను.

కాకినాడ డిజైనర్:
అది మీకు తెలిసినంతగా నాకు తెలియదు, ఒప్పుకుంటాను.

ఆక్వా గారూ, మందుల డబ్బాలు తీసెయ్యండి, ఎక్స్‌పోర్ట్ గారి మాట సబబు. బ్యానర్ కొలత మాత్రం నేను చెబుతాను. లింక్డిన్ బ్యానర్ 1584 పిక్సెళ్ళ వెడల్పు, 396 ఎత్తు. అంటే వెడల్పులో పావు వంతే ఎత్తు. ఫోన్‌లో మామూలుగా తీసిన 4000, 3000 ఫోటోని అలా కత్తిరిస్తే 4000, 1000 మిగులుతుంది. మూడింట రెండొంతులు పోతుంది. అందుకే గట్టు మీద తీసిన ఫోటోలకి ఏరేటర్లు సగానికి తెగి, తలలు లేని కొబ్బరి చెట్లు మిగులుతాయి. దూరంగా నిలబడి ఫోన్ అడ్డంగా పట్టుకుని, గట్టూ ఏరేటర్ల వరసా ఫ్రేమ్ మధ్య మూడో వంతులో ఉండేట్టు తియ్యండి. పైనా కిందా ఆకాశం, నీళ్ళు వదిలెయ్యండి, అవి ఎలాగూ పోతాయి.

మీ గుండ్రటి ఫోటో బ్యానర్ ఎడమ కింది మూల మీద కూర్చుంటుంది. కాబట్టి ముఖ్యమైంది ఏదైనా కుడి వైపు ఉండాలి. అక్షరాలు ఒక్క లైనే. ఫోన్‌లో ఆ బ్యానర్ మొత్తం ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 40 పిక్సెళ్ళ అక్షరం రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. నేను చెప్పిన సర్వీసుల లిస్టు కంప్యూటర్‌లో చూసేవాళ్ళకే చదవడానికొస్తుంది, మీ రైతులు ఫోన్‌లో చూస్తారు.

భీమవరం ఆక్వా:
అందరికీ థాంక్సండి. ఎల్లుండి పొద్దున్నే ఉండి ఊరి దగ్గర ఒక చెరువుకి వెళ్ళాలి. తమ్ముణ్ణి తీసుకెళ్ళి తీయిస్తాను. తెల్ల చొక్కా, టోపీ లేకుండా. బ్యానర్‌కి అదే చెరువు ఏరేటర్లు, కుడి పక్కన ‘నీటి పరీక్ష, మేత, రోగ నిఘా. మందులు అమ్మను’ అని ఒక్క లైను. సరిపోతుందా?

ఎక్స్‌పోర్ట్ సోర్సింగ్:
లైను బాగుంది. ‘మందులు అమ్మను’ ఒక్కటే ఉంచినా చాలు. చెరువు యజమానిని మాత్రం ముందే అడగండి. పక్కవాళ్ళు ఆ గట్టునీ, షెడ్డునీ గుర్తుపడతారు. కన్సల్టెంటుని పిలిచాడంటే ఏదో రోగం వచ్చిందని ఊళ్ళో మాట పుడుతుంది, రొయ్యల పట్టుబడి సమయంలో రేటు దగ్గర బేరం ఆడతారు. ఆయన వద్దంటే షెడ్డు కనబడకుండా ఏరేటర్లు దగ్గరగా వచ్చేట్టు తియ్యండి.

తణుకు స్టూడియో:
మొహం ఫోటో వాట్సాప్‌లోనూ, లింక్డిన్‌లోనూ, విజిటింగ్ కార్డు మీదా ఒక్కటే పెట్టండి. తల, భుజాలు గుండ్రం నిండా రావాలి. చాట్ లిస్టులో అది చిటికెన వేలి గోరంత ఉంటుంది. మీటరు, రొయ్య అక్కడ ఎలాగూ కనబడవు, ఆ గొడవ బ్యానర్ దగ్గర తేల్చుకోండి.

పాలకొల్లు రైతు:
రొయ్య ఉండాలనే నా మాట. ఆ గోరంత ఫోటోని నొక్కి పెద్దది చేసి చూసేవాళ్ళం మేమే.

ఎక్స్‌పోర్ట్ సోర్సింగ్:
నాకు మీటరే కావాలి. రెండు ఫోటోలూ తీయించి ఉంచుకోండి. రొయ్యది వాట్సాప్ కేటలాగ్‌లో పెట్టి రైతులు ఏమంటారో చూడండి.