“స్వల్ప పూడిక” ఉన్నా గుండెపోటా? ఒక అనువాద సందేహం

శైలజ: గ్రూపులో పెద్దలకు నమస్కారం. గుండె జబ్బుల వార్డులో పంచడానికి ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నాను. స్టేబుల్ ప్లాక్, వల్నరబుల్ ప్లాక్ అనే రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ప్రస్తుతానికి “స్థిర ఫలకం”, “దుర్బల ఫలకం” అని పెట్టాను. వాక్యం ఇలా వచ్చింది: “రక్తనాళంలో పూడిక స్వల్పంగానే ఉన్నా, అది దుర్బల ఫలకమైతే గుండెపోటు రావచ్చు.” చదివినవాళ్లు ఒకటే అడుగుతున్నారు: స్వల్పమైనది, పైగా దుర్బలమైనది, ఇక అదేం చేస్తుందండీ అని!

పద్మ: ఫలకం అంటే నాకు మంత్రిగారు ఆవిష్కరించే శిలాఫలకమే గుర్తొస్తుంది. మొన్న పళ్ల డాక్టరు కూడా ప్లాక్ గీకి తీశారు. ఇదీ అదేనా? గుండెలోది కూడా అలా గీకేయొచ్చా?

జరీనా: పద్మగారూ, అది పంటి మీద పేరుకునే పాచి. పేరు ఒకటే, పదార్థం వేరు. గుండె రక్తనాళంలో ప్లాక్ ఉండేది గోడ పైన కాదు, గోడ లోపల. అందుకే గీకడం కుదరదు. పెథాలజీలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇలాంటి నాళాలను అడ్డంగా కోసి చాలానే చూశాను.

సత్యనారాయణ మాస్టారు: శైలజమ్మా, దుర్బలం వద్దు. “అస్థిర ఫలకం” అను, స్థిరానికి సరైన జోడు. ఇక విషయం తేలికే. కాలవలో ఒండ్రులాగా కొవ్వు పేరుకుంటుంది. నలభై శాతం అరవై అవుతుంది, అరవై తొంభై అవుతుంది, నూరైన రోజున గుండెపోటు. స్వల్పం అంటే ఇంకా టైముందని అర్థం.

జరీనా: మాస్టారూ, నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గే నొప్పికి మీరు చెప్పింది చాలావరకు సరిపోతుంది. నాళం మెల్లగా ఇరుకైతే వచ్చేది అదే. గుండెపోటు తరచుగా మరో దారిలో వస్తుంది. ప్లాక్ లోపల కొవ్వు, చచ్చిన కణాలు కలిసిన మెత్తటి ముద్ద ఉంటుంది. దానికీ పారే రక్తానికీ మధ్య ఒక పైపొర. ఆ పొర మందంగా, నారతో గట్టిగా ఉంటే అది స్టేబుల్. పల్చబడితే వల్నరబుల్. చిట్లిన ప్లాకులను కొలిచినప్పుడు పైపొర ఎక్కువగా 65 మైక్రాన్ల లోపే కనిపించింది, అంటే మిల్లీమీటరులో పదిహేనో వంతు. పక్వానికొచ్చిన సెగగడ్డను తలుచుకోండి. దాని పరిమాణం కన్నా పైచర్మం ఎంత పల్చబడిందన్నదే ముఖ్యం.

అది చిట్లితే లోపలి ముద్ద రక్తానికి తగులుతుంది. తగిలిన చోట నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. దారి మూసేది ఆ గడ్డే. కాబట్టి నలభై నుంచి నూరుకి వెళ్లడానికి ఏళ్లు పట్టాల్సిన పనిలేదు.

కిరణ్: డాక్టరుగారూ, మా బావ సంగతి అచ్చం ఇదే. సీటీ యాంజియోలో ఎడమవైపు పెద్ద నాళంలో 40 శాతం అన్నారు. ట్రెడ్‌మిల్ నార్మల్. “మైనర్ బ్లాక్, టెన్షన్ పడొద్దు” అని మాత్ర రాసిచ్చారు. మైనరే కదా అని ఆయన కొన్నాళ్లకు మానేశాడు. ఆ ఏడాదే గుండెపోటు, సరిగ్గా అదే నాళంలో. స్టెంట్ వేశారు. రిపోర్టు తప్పంటారా? కేసు వేద్దామని మా అక్క పట్టుబడుతోంది.

జరీనా: మీరు చెప్పినదాన్ని బట్టి రిపోర్టు తప్పని అనలేను బాబూ. లెక్క వేసి చూద్దాం. ఆ నాళం 3 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం. 40 శాతం పోతే 1.8 మిగులుతుంది. పరిగెత్తినా గుండెకి ఆ దారి చాలుతుంది. ట్రెడ్‌మిల్ పట్టేది రక్తం చాలకపోవడాన్ని. అది సాధారణంగా ఇరుకు 70 శాతం దగ్గరికి వస్తేనే బయటపడుతుంది. అందుకే నార్మల్ వచ్చింది. ఆ పరీక్ష పైపొర మందం చెప్పలేదు.

ఇంకో మెలిక ఉంది. ప్లాక్ పెరుగుతుంటే నాళం మొదట బయటివైపుకి ఉబ్బి దానికి చోటిస్తుంది. లోపలి దారి పెద్దగా తగ్గదు. మామూలు యాంజియోగ్రామ్‌లో కనిపించేది మందు పారిన దారి నీడ మాత్రమే, గోడ కాదు. అంటే “స్వల్పం” అన్నది దారి గురించిన మాట. గోడలో ఉన్న సరుకు స్వల్పమని కాదు.

మాత్ర మానడమే కారణమా అంటే, ఒక మనిషి విషయంలో అలా తేల్చలేం. కానీ ఆ మాత్ర స్టాటిన్ అయ్యుంటుంది, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందు. అది చేసే పని ఇక్కడే ఉంది. అది ఇరుకును పెద్దగా తగ్గించదు. లోపలి ముద్దను కుదించి, పైపొరను మందం చేస్తుంది.

శ్రీను (క్యాథ్ ల్యాబ్): మేడమ్, ఒక చిన్న అభ్యంతరం. “గుండెపోట్లు ఎక్కువగా చిన్న బ్లాకుల నుంచే” అని వాట్సాప్‌లో తిరుగుతోంది. దాని వెనక 1988లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చినలాంటి పేపర్లున్నాయి. అంతకుముందే యాంజియోగ్రామ్ తీసివున్న 29 మందిలో, తర్వాత మూసుకుపోయిన నాళం 19 మందిలో మొదట 50 శాతం కన్నా తక్కువే ఇరుకు. నిజమే, కానీ ఆ పాత ఫిల్ముకీ గుండెపోటుకీ మధ్య ఎన్నో నెలలు గడిచి ఉండొచ్చు. ఆ మధ్యలో ప్లాక్ పెరగలేదని ఎవరు చెప్పగలరు? గుండెపోటుకి కొద్దిరోజుల ముందు తీసినవాటిలో ఇరుకు ఎక్కువే కనబడుతుంది.

జరీనా: ఒప్పుకుంటాను. ఒక్కో ప్లాక్‌ని విడిగా చూస్తే పెద్ద ఇరుకుకే ప్రమాదం ఎక్కువ. చిన్నవి సంఖ్యలో ఎక్కువ కాబట్టి మొత్తం లెక్కలో వాటి వాటా పెద్దది. పైగా పెరుగుదల కూడా మాస్టారు అన్నంత నిదానంగా సాగదు. పొర చిట్లి, చిన్న గడ్డ కట్టి, మనకు తెలియకుండానే మానిపోతుంది. మానిన ప్రతిసారీ ఒక వరుస పెరుగుతుంది. కోసి చూస్తే ఆ వరుసలు కనబడతాయి. అన్నీ చిట్లడం వల్లే కూడా కాదు. కొన్నిసార్లు పైపొర చెక్కుచెదరకుండా ఉండి, దాని మీది సన్నటి కణాల వరుస ఊడిపోయిన చోట గడ్డ కడుతుంది.

పద్మ: అయితే పల్చటి పొర ఉన్నవాటిని ముందే కనిపెట్టి స్టెంట్ వేసేస్తే పోలా?

శ్రీను: నాళంలోకి ఓసీటీ అనే సన్నటి కెమెరా లాంటిది పంపితే పొర మందం కొలవొచ్చు. కానీ అలాంటివి చాలావరకు చిట్లకుండానే ఉండిపోతాయి. 2011లో వచ్చిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో తేలింది అదే. 2024లో కొరియా వాళ్ల నాయకత్వంలో జరిగిన ప్రివెంట్ ట్రయల్‌లో ముందే స్టెంట్ వేసినవాళ్లకి రెండేళ్లలో ఇబ్బందులు తగ్గాయి. కాకపోతే ఆ లెక్కలో నొప్పితో మళ్లీ ఆసుపత్రికి రావడం, మళ్లీ స్టెంట్ వేయించుకోవడం కూడా ఉన్నాయి. మా దగ్గర దీని మీద ఇద్దరు డాక్టర్లు రోజూ వాదించుకుంటారు.

సత్యనారాయణ మాస్టారు: అలాగైతే “పూడిక” అనే మాటే తప్పుదారి పట్టిస్తోంది. నేనూ దాని వెంటే పోయాను. “చిట్లే ఫలకం”?

జరీనా: “చిట్లే” అంటే తప్పకుండా చిట్లుతుందన్నట్టు వినబడుతుంది మాస్టారూ. జనం ఫలకం అనరు కూడా, బ్లాక్ అంటారు.

శైలజ: అయితే ఇలా మారుస్తాను: “దారి కొంచెమే ఇరుకైనా, లోపలి కొవ్వు ముద్ద మీది పొర పల్చగా ఉంటే అది చిట్లి, రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోవచ్చు.” పొడుగైంది గానీ అడ్డు తగిలే మాట లేదు. శీర్షికలో మాత్రం ఒక్క మాటే పడుతుంది. “పల్చపొర ప్లాక్” అంటే ఎలా ఉంది?

సత్యనారాయణ మాస్టారు: వైరిసమాసం. నాకు నచ్చలేదు.

కిరణ్: మా అక్కకి వెంటనే అర్థమైంది మాస్టారూ. ఇంకో డౌటు డాక్టరుగారూ, ఇప్పుడు బావ మాత్ర మళ్లీ మొదలుపెట్టాడు. గుండె నాళాల్లో కాల్షియం ఎంతుందో చెప్పే స్కోరు పెరిగిందని భయపడుతున్నాడు.

జరీనా: స్టాటిన్ వాడేవాళ్లలో అది పెరగడం మామూలే. మెత్తటి ముద్ద గట్టిపడుతున్నప్పుడు కాల్షియం చేరుతుంది. స్టెంట్ వేయించుకున్నాక ఆ స్కోరుతో పెద్ద పని లేదు. ఎవరు తీయించమన్నారు?