పెద్ద గ్రూపు మ్యూట్‌లో ఉన్నా, నన్ను పిలిచినప్పుడు మాత్రం మోగాలంటే?

సుజాత: మా నివాస సముదాయం వాట్సాప్ గ్రూపులో వందలమంది ఉన్నారు. ఫోను రోజంతా మోగుతూనే ఉంటుంది. మ్యూట్ చేద్దామంటే, నన్ను అడిగిన ప్రశ్న నాకు తెలియకుండా పోతుందేమోనని భయం. నన్ను ట్యాగ్ చేసినా, నా సందేశానికి జవాబిచ్చినా మాత్రమే మోగేలా పెట్టుకోవచ్చా?

రమణమూర్తి: గ్రూపును ఆర్కైవ్‌లో పడేయండి. ఇక ఏ చప్పుడూ ఉండదు, నేను అదే చేశాను.

కిరణ్మయి: రమణమూర్తి గారూ, ఆర్కైవ్ చేసినా ట్యాగ్‌లు, మీకు వచ్చిన జవాబులు తెలుస్తూనే ఉంటాయి. సుజాత గారికి మ్యూట్ చాలు. గ్రూపు పేరు మీద నొక్కి, నోటిఫికేషన్లలో మ్యూట్ ఎంచుకుని, 8 గంటలు, వారం, ఎల్లప్పుడూ అన్న వాటిలో చివరిది పెట్టండి. మామూలు సందేశాలు నిశ్శబ్దంగా వచ్చి చేరతాయి, మిమ్మల్ని ట్యాగ్ చేసినవి, మీ సందేశానికి వచ్చిన జవాబులు మాత్రం మోగుతాయి.

వెంకట్: గ్రూపు ఫొటోలతో నా ఫోను నిండిపోతోంది. మ్యూట్ చేస్తే అవీ ఆగుతాయా?

కిరణ్మయి: ఆగవు వెంకట్ గారూ. ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కావడం వేరే సెట్టింగు, నిల్వ, డేటా విభాగంలో ఉంటుంది.

సుజాత: మ్యూట్ పెట్టాను. అధ్యక్షురాలు "@సుజాత, నీటి ట్యాంకు సంగతి చెప్పండి" అని రాశారు, అయినా మోగలేదు!

కిరణ్మయి: ఆ పేరు రంగు మారి, నొక్కితే మీ ప్రొఫైల్ తెరుచుకుంటోందా? @ గుర్తు పెట్టగానే వచ్చే జాబితాలోంచి ఎంచుకుంటేనే అది ట్యాగ్. చేత్తో పూర్తిగా టైపు చేస్తే మామూలు అక్షరాలే. జవాబైనా అంతే: మీ సందేశాన్ని పక్కకు జరిపి రాస్తేనే లెక్క.

సుజాత: నొక్కితే తెరుచుకుంటోంది, నిజమైన ట్యాగే. పైగా, మ్యూట్ చేయని మా బంధువుల గ్రూపు కూడా మోగడం లేదు.

కిరణ్మయి: ఆ రెండో మాటే అసలు కారణం చెబుతోంది. ఆండ్రాయిడ్‌లో ఎప్పుడో గ్రూపు నోటిఫికేషన్‌ను నొక్కి పట్టి "నిశ్శబ్దం" ఎంచుకుని ఉంటారు. కొన్ని ఫోన్లు దాన్ని ఆ ఒక్క గ్రూపుకే కాక, వాట్సాప్ గ్రూపు నోటిఫికేషన్లన్నిటికీ వర్తింపజేస్తాయి, అప్పుడు ట్యాగ్‌లు కూడా మూగబోతాయి. ఫోను సెట్టింగుల్లో యాప్‌లు, వాట్సాప్, నోటిఫికేషన్లు, గ్రూపు నోటిఫికేషన్లు వరుసగా తెరిచి, నిశ్శబ్దం తీసేయండి. గ్రూపు మ్యూట్‌ను మాత్రం కదపకండి. తర్వాత ఎవరితోనైనా ఒక మామూలు సందేశం, ఒక ట్యాగ్, మీ పాత సందేశానికి ఒక జవాబు పంపించుకోండి. మొదటిది మౌనంగా రావాలి, మిగతా రెండూ మోగాలి.

సుజాత: అలాగే అయింది. రెండూ మోగాయి, చాలా సంతోషం.

రమణమూర్తి: నాకు జవాబులు వద్దు, ట్యాగ్‌లు మాత్రమే మోగాలి. దానికి విడిగా మార్గం ఉందా?

వెంకట్: నేనూ వెతికాను, దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే రాయండి.