కిడ్నీ దెబ్బతిని బీపీ కూడా ఉంటే కొబ్బరినీళ్లా, మజ్జిగా?

పెద్దమ్మాయి
మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీకి పన్నెండేళ్లుగా టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు. మొన్న క్రియాటినిన్ 2.1, పొటాషియం 5.6 వచ్చాయి. రోజూ ఒక బోండాం తాగుతారు. బాబాయి మానొద్దంటాడు, అమ్మేమో మజ్జిగే మంచిదంటుంది. ఎండలకి ఏది ఇవ్వాలి? ఓఆర్ఎస్, పళ్లరసాలు ఇవ్వొచ్చా?

తోటమనిషి
మాన్పించకండి. బీపీ పెంచేది ఉప్పు, ఆ ఉప్పుని ఒంట్లోంచి బయటికి పంపేది పొటాషియం. అది కొబ్బరినీళ్లలో కావలసినంత ఉంది. నాకు యాభై దాటాక బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించి రోజూ ఒక బోండాం తాగడం మొదలుపెట్టాక పైన అంకె 150 నుంచి 134కి దిగింది. చెట్టు నుంచి నేరుగా వచ్చిన నీళ్లు, అందులో కల్తీ ఏముంటుంది?

రీనల్_డైట్
పదకొండేళ్లుగా కిడ్నీ రోగులకు ఆహార సలహా ఇచ్చే పనిలో ఉన్నాను. తోటమనిషి గారు పొటాషియం గురించి చెప్పింది నిజమే, కానీ అది కిడ్నీలు బాగున్నవాళ్ల సంగతి. ఒంట్లో మిగులు పొటాషియాన్ని బయటికి తోసేది ముఖ్యంగా కిడ్నీయే. క్రియాటినిన్ 2.1 అంటే ఆ వయసులో కిడ్నీ మూడో వంతు మాత్రమే పనిచేస్తోందని సుమారుగా అనుకోవచ్చు. దానికితోడు టెల్మిసార్టాన్. అది మంచి మందే, కిడ్నీని కాపాడుతుంది కూడా. కానీ పొటాషియం బయటికి పోవడాన్ని కొంత తగ్గిస్తుంది. బయటికి పోయే దారి రెండు వైపులా ఇరుకైనప్పుడు లోపలికి వచ్చేదాన్ని చూసుకోవాలి కదా.

ఇప్పుడు బోండాం లెక్క. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక కాయలో 300 మిల్లీలీటర్లు వస్తే 750. పొటాషియం తగ్గించమన్నవాళ్లకు మేం రోజు మొత్తానికి చాలాసార్లు 2,000 నుంచి 2,500 మధ్య గీత పెడతాం. అన్నం, పప్పు, కూర అన్నీ అందులోనే. అందులో మూడో వంతు ఒక్క కాయే తినేస్తోంది, అదీ ఐదు నిమిషాల్లో తాగేసే రూపంలో.

అమ్మగారు అన్నది మేలు, కానీ ఉప్పు దగ్గర ఆగి చూడాలి. మూడు పెద్ద చెంచాల పెరుగు, అంటే సుమారు 50 గ్రాములు, ఒక గ్లాసు నీళ్లలో చిలికితే పొటాషియం 80 మిల్లీగ్రాముల లోపే. బోండాంతో పోలిస్తే పదో వంతు. అదే మజ్జిగలో పావు టీస్పూన్ ఉప్పు వేస్తే సోడియం దాదాపు 600. అలాంటివి మూడు గ్లాసులు తాగితే 1,800. రోజుకు 2,000 మించకూడదు కాబట్టి ఇక కూరలో ఉప్పుకి చోటే ఉండదు. ఉప్పు లేకుండా జీలకర్ర, కరివేపాకు, అల్లం వేసి ఇవ్వండి. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేది మాత్రం వాడకండి. అందులో సోడియం తగ్గించి పెట్టేది పొటాషియమే.

అన్నిటికంటే ముందు ఆ 5.6 సంగతి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలినా అంకె పెరిగి కనిపిస్తుంది, అందుకే మళ్లీ చేయించాలి. వారం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నిమ్మచెక్క
నాకూ కిడ్నీ సమస్యే. రెండు సార్లు రాయి పడింది. డాక్టర్ రోజుకు మూడు లీటర్లు తాగమన్నారు, నిమ్మరసం, కొబ్బరినీళ్లు మంచివన్నారు. మీరు వద్దంటున్నారేంటి? జనం ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకోటి.

రీనల్_డైట్
మీకు రాళ్లున్నా వడపోత సరిగ్గానే ఉందనుకుంటాను, క్రియాటినిన్ ఎంత? మామూలుగా ఉంటే మీకు నీళ్లు ఎక్కువ తాగడమే మందు, మీ డాక్టర్ చెప్పింది మీకు సరిపోతుంది. పెద్దమ్మాయి గారి నాన్నగారిది వడపోత తగ్గిన కిడ్నీ. పేరు ఒకటే, జబ్బు వేరు.

నిమ్మచెక్క
0.9 అండి. ఇప్పుడు అర్థమైంది.

వారానికి_మూడుసార్లు
నేను డయాలసిస్‌లో ఉన్నాను. నాకు కొబ్బరినీళ్లు, మజ్జిగ, ఏదైనా ముందు నీళ్లే. మూత్రం ఎంత వస్తుందో దానికి అర లీటరు కలిపి అంతే తాగమంటారు. నాకు వచ్చేది 200 మిల్లీలీటర్లు, అంటే రోజంతా 700. ఒకసారి పెళ్లిలో రెండు బోండాలు తాగాను. ఏమీ అనిపించలేదు, ఆ రాత్రి బాగానే పడుకున్నాను. మర్నాడు మెట్లెక్కబోతే కాళ్లలో సత్తువ లేదు, తొడలు తడిగుడ్డల్లా వేలాడుతున్నట్టుంది. డయాలసిస్‌కి వెళ్తే పొటాషియం 6.8, ఈసీజీ మారిపోయింది. నొప్పి లేదు, దడ లేదు, అదే భయం. ముందుగా చెప్పే లక్షణం ఏమీ ఉండదని అప్పుడు తెలిసింది.

తోటమనిషి
మీరు చెప్పింది చదివాక మనసు కలుక్కుమంది. కానీ ఒకటి అడుగుతాను. నాకు క్రియాటినిన్ 1.0, నేనూ టెల్మిసార్టానే వేసుకుంటాను. నేను కూడా మానాలా?

రీనల్_డైట్
మీ విషయంలో మా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. కిడ్నీ బాగుండి ఒక్క సార్టాన్ మాత్ర వాడేవారికి రోజూ ఒక కాయ ఇబ్బంది కాదని కొందరంటారు, వారానికి రెండు మూడు చాలంటారు మరికొందరు. నేనైతే ఒకసారి పొటాషియం చూసుకుని కొనసాగించమంటాను. పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే స్పైరనోలాక్టోన్ మాత్ర కూడా కలిపితే మాత్రం నా జవాబు మారుతుంది. పెద్దమ్మాయి గారు అడిగిన పళ్లరసాలూ కొబ్బరినీళ్ల కోవలోనివే. ఒక గ్లాసు నారింజ రసంలో 400 దాకా పొటాషియం, 20 గ్రాముల దాకా చక్కెర. యాపిల్ రసంలో పొటాషియం సగమే కానీ చక్కెర తగ్గదు. ఒక పండు నమిలి తింటే ఇంత రసం లోపలికి పోదు.

మందులషాపు_మనిషి
ఓఆర్ఎస్ గురించి ఎవరూ చెప్పలేదు. కిడ్నీ వాళ్లకి అసలు ఇవ్వకూడదు, అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మా దగ్గరకొచ్చే వాళ్లకి అదే చెప్తాను.

రీనల్_డైట్
అసలే వద్దంటే ఒప్పుకోను. లీటరులో కలిపే ప్యాకెట్‌లో పొటాషియం 780 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్లాసుకి 160 కూడా లేదు. అదే గ్లాసు కొబ్బరినీళ్లలో 500. ఓఆర్ఎస్‌లో బీపీవాళ్లకి ఇబ్బంది సోడియం, లీటరుకి 1,700 పైనే. అందుకే ఎండలో దాహానికి రోజూ తాగే పానీయం కాదది. విరేచనాలు, వాంతులతో నీళ్లు పోతున్నప్పుడు ఇవ్వకపోతేనే దెబ్బ. ఒంట్లో నీరు తగ్గితే ఉన్న కాస్త కిడ్నీ కూడా కుంగుతుంది. పోయినంత కొలిచి, కొద్దికొద్దిగా, డాక్టర్‌ని అడిగి ఇవ్వాలి. అలాంటి రోజుల్లో టెల్మిసార్టాన్ ఆపాలా అని కూడా అప్పుడే అడగాలి. ప్యాకెట్ నీళ్లు సగం పోసి చిక్కగా కలిపితే ఉప్పు రెట్టింపవుతుంది, అది నేను చాలా ఇళ్లలో చూశాను.

మందులషాపు_మనిషి
మాకు ఎవరి పొటాషియం ఎంతో తెలియదు కదండీ. రిపోర్ట్ లేకుండా వచ్చి అడిగేవాళ్లకి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలదు. నా మాట నాదే.

పెద్దమ్మాయి
ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేశాను. మర్నాడు రక్తం మళ్లీ తీశారు, 5.5. మాత్ర ఆపలేదు. కొబ్బరినీళ్లు మాన్పించి పది రోజుల తర్వాత రమ్మన్నారు. నిన్న 4.9 వచ్చింది. ఉప్పులేని మజ్జిగ నాన్నకి సహించడం లేదు, గ్లాసు పట్టుకుని సగంలో ఆపేస్తున్నారు. వారానికి ఒక అర గ్లాసు కొబ్బరినీళ్లు ఇవ్వనా అని రోజూ అడుగుతున్నారు.

రీనల్_డైట్
ఒక్క అంకెతో నిర్ణయించొద్దు. నెల తర్వాత ఇంకోసారి ఐదు లోపు వస్తే, ఆ రిపోర్ట్ పట్టుకుని డాక్టర్‌నే ఆ అర గ్లాసు గురించి అడగండి. ఈలోగా మజ్జిగలో కాస్త నిమ్మరసం పిండి చూడండి, ఉప్పు లేని లోటు కొంచెం తగ్గుతుంది.