ఫలితాలకు 5, ప్రవర్తనకు 1: ఈ సీనియర్‌కి ఏ రేటింగ్ ఇవ్వాలి?

జీడిమెట్ల క్యూసీ: మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ ల్యాబ్‌లో సెక్షన్ హెడ్‌ని. నా కింద తొమ్మిది మంది. వాళ్లలో ఒక సీనియర్ అనలిస్ట్ పనికి వంక పెట్టలేం. శాంపిల్ ఏనాడూ ఆలస్యం కాదు, ఏడాదిలో అతని రిపోర్ట్ ఒక్కటీ వెనక్కి రాలేదు. కానీ జూనియర్ల మీద అందరి ముందూ కేకలేస్తాడు. మొన్న ఒక కుర్రాడి లాగ్‌బుక్ విసిరికొట్టాడు. ఇద్దరు వేరే సెక్షన్‌కి మార్చమని అడిగారు. అప్రైజల్ ఫారంలో ఫలితాలకు 80 శాతం, ప్రవర్తనకు 20. ఫలితాలకు ఐదుకి 5 వస్తుంది కాబట్టి, ప్రవర్తనకు 1 వేసినా మొత్తం 4.2 వస్తోంది. శుక్రవారం లోపు ఇవ్వాలి. ఏం చేయమంటారు?

బాలానగర్ ప్రొడక్షన్: అన్నా, 4.2 వస్తే 4.2 ఇచ్చెయ్. ఫారం కంపెనీది, లెక్క కంపెనీది. మీ ల్యాబ్ నుంచి రిపోర్ట్ రాకపోతే బ్యాచ్ కదలదు, తిట్లు తినేది మేము. అలాంటి చేతి పనివాడు దొరకడు. ఇంకో మాట. ఏడాదంతా నోరు మెదపకుండా ఏప్రిల్‌లో 1 వేస్తే ఏ మనిషికైనా కడుపు మండుతుంది.

రిటైర్డ్ క్యూఏ, నిజాంపేట్: చివరి మాట నిజం, దాని దగ్గరికి వస్తాను. మొదటి మాటతో ఏకీభవించను. రెండింటినీ కలిపి సగటు తీస్తే ఒకదాని లోటును ఇంకోటి పూడ్చేస్తుంది. పప్పులో ఉప్పు ఎక్కువైతే నెయ్యి బాగుందని సరిపెట్టుకోం కదా. రెండు రేటింగులూ విడివిడిగానే పైకి పంపండి. ఫారం ఒక్క అంకెనే అడిగితే, కింద వ్యాఖ్యల గడిలో రెండూ రాయండి.

అంతకంటే ముందు ఆ ఫలితాల 5ని ఇంకోసారి చూడండి. అతని రిపోర్టులు వెనక్కి రాలేదు, సరే. అతనున్న షిఫ్టులో మిగతావాళ్ల సంగతేమిటి?

మా ల్యాబ్‌లో ఇలాంటి మనిషే ఉండేవాడు. ఒక రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన అమ్మాయి డైల్యూషన్‌కి 5 ఎంఎల్ తీయాల్సింది, 10 ఎంఎల్ తీసింది. హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫ్‌లో పీక్ రెట్టింపు కనిపించగానే ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. ఆయనకు చెబితే ఏమంటాడో కూడా తెలుసు. రన్ మధ్యలో ఆపేసి, ఆ వైల్ పారబోసి, కొత్తగా చేసుకుని మళ్లీ నడిపింది. ఎక్కడా రాయలేదు. మూడు నెలల తర్వాత, కంప్యూటర్‌లో ఎవరేం చేశారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్ తిరగేస్తుంటే ఆ ఆపేసిన రన్ నా కంటపడింది. అదే రోజు చెప్పి ఉంటే, వైల్ చేతిలో ఉండగానే రుజువు చేసి, రాసి, ముగించగలిగే ల్యాబ్ పొరపాటు అది. దాచడంతో డేటా నిజాయితీ కేసైంది. అదే అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ చూస్తే 483 అనే అభ్యంతరాల పత్రంలో ఎక్కేది. ఆ ఏడు కూడా మా సీనియర్ ఫలితాలకు 5 వచ్చింది, ఎందుకంటే తప్పు రాసింది ఆ అమ్మాయి పేరు మీద.

1990లలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి జట్లలో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంటే, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. ఆ జట్లలో చెప్పుకోవడానికి భయం లేదు మరి. మీ సెక్షన్లో పొరపాట్లు మరీ తక్కువగా నమోదవుతుంటే సంతోషపడకండి.

కారణం రాయకుండా ఆపేసిన రన్‌లు అతనున్న షిఫ్టుల్లో ఎన్ని, లేని షిఫ్టుల్లో ఎన్ని? పక్కపక్కన పెట్టి చూడండి. కాలమ్ ప్రెషర్ పెరిగిందనో, కరెంటు పోయిందనో రాసి ఉన్నవి లెక్కలోకి తీసుకోవద్దు.

ఓరుగల్లు పిల్ల, ఉప్పల్: ఇది సదివితే నా ముచ్చటే యాదికొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ల చేస్తున్న. పోయినేడు నా అప్రైజల్ల 'మాట కఠినం' అని రాసిన్రు. ఎవర్ని ఏమన్న అంటే ఎవ్వలు చెప్పరు. 'ఏంది, ఇంక కాలేదా?' అని మా దిక్కు అందరం అంటం. మా మేనేజర్‌కు అది గద్దించినట్టు ఇనబడ్డది. అదే మాట మా టీంల మగపిలగాడు అంటే 'పని రాబట్టుకుంటడు' అన్నరు. మీ సీనియర్‌ని కూడ మాట తీరు జూసి బద్నాం జేస్తున్నరేమో సూడుండ్రి.

జీడిమెట్ల క్యూసీ: యాస సంగతి కాదమ్మా, లాగ్‌బుక్ విసరడం నా కళ్లతో చూశాను.

రిటైర్డ్ క్యూఏ, నిజాంపేట్: అయినా ఆ అమ్మాయి అడిగింది కొట్టిపారేయకండి. ఫారంలో 'కఠినం', 'అహంకారం' అని రాస్తే అతను కాదంటాడు, మీ దగ్గర జవాబుండదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది, ఇంతే రాయాలి. 'వెయింగ్ రూమ్‌లో ఇద్దరు ట్రైనీల ముందు లాగ్‌బుక్ విసిరాడు. ఆ వారమంతా ఆ కుర్రాడు సందేహం వస్తే పక్క సెక్షన్‌కి వెళ్లి అడిగాడు' అన్నట్టు. ఆ అమ్మాయి ఫారంలో ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు, అందుకే ఆమెకు జరిగింది అన్యాయం. కులం పేరెత్తినా, ఆడపిల్లతో అసభ్యంగా మాట్లాడినా అది అప్రైజల్‌లో తేల్చేది కాదు, విచారణకు వెళ్లాల్సింది.

మరి ఈ విషయం అతనికి ముందెప్పుడైనా చెప్పారా?

జీడిమెట్ల క్యూసీ: రెండుసార్లు చెప్పాను సార్, క్యాంటీన్‌లో టీ తాగుతూ. రాసి పెట్టలేదు.

రిటైర్డ్ క్యూఏ, నిజాంపేట్: అయితే అతనికి అది టీ కబురుగానే మిగిలి ఉంటుంది. ఈసారి ప్రవర్తనకు 1 కాదు, 2 వేయండి. టార్గెట్లకు మాటిచ్చిన ఇన్సెంటివ్ పైసా తగ్గించకండి, అది అతను సంపాదించుకున్నది. జూనియర్లను అతని చేతికి అప్పగించే ప్రమోషన్ మాత్రం ఆపండి, కారణం ముఖం మీదే చెప్పండి. మూడు నెలల తర్వాత మళ్లీ కూర్చుంటానని తేదీతో సహా రాసివ్వండి.

బాలానగర్ ప్రొడక్షన్: ప్రమోషన్ ఆపితే నెల తిరక్కుండా పాశమైలారంలో ఇంకో కంపెనీలో చేరతాడు సార్. అప్పుడు బ్యాచ్‌లు ఎవరు చూస్తారు?

మాజీ ట్రైనీ, కూకట్‌పల్లి: అలాంటి సీనియర్ కింద 14 నెలలు చేసి మానేశాను. పీక్ ఇంటిగ్రేషన్ ఈరోజు నాకు వచ్చిందంటే ఆయన చలవే, అది మరిచిపోను. కానీ ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చేతిలో పిపెట్ వణికేది. అడగాల్సింది అడక్కుండా రాత్రికి ఇంటికెళ్లి పాత నోట్సులో వెతుక్కునేవాణ్ని.

ఇంకో సంగతి. మా మేనేజర్ అర్జెంట్ శాంపిల్స్ అన్నీ ఆయన మీదే వేసేవాడు. 'నువ్వైతేనే అవుతుంది' అని. సాయంత్రం ఆరింటికి వచ్చిన శాంపిల్ పొద్దునకి తేలాలంటే ఎవరి గొంతైనా పెరుగుతుంది. మీ దగ్గరా అంతేనా సార్?

జీడిమెట్ల క్యూసీ: అంతే. అర్జెంట్‌వి మూడొంతులు అతనికే ఇస్తాను. ఇది నేను ఆలోచించలేదు.

నిన్న రాత్రి ఆడిట్ ట్రయల్ చూశాను. కారణం రాయకుండా ఆపేసిన రన్‌లు ఏడాదిలో పదకొండు. ఎనిమిది అతనున్న షిఫ్టుల్లోనే, అన్నీ జూనియర్ల లాగిన్‌తో. కానీ అతను ఎక్కువగా రాత్రి షిఫ్టులే చేశాడు, ఆ శాంపిల్స్ కూడా అర్జెంట్‌వి. భయం వల్లో, తొందర వల్లో తేల్చుకోలేకపోతున్నాను.

రిటైర్డ్ క్యూఏ, నిజాంపేట్: ఆ పదకొండూ ఈరోజే మీ క్యూఏకి రాసివ్వండి, శుక్రవారం దాకా ఆగొద్దు. దాన్ని అప్రైజల్‌తో ముడిపెట్టొద్దు. విచారణలో జూనియర్లతో మాట్లాడేటప్పుడు అతను గదిలో ఉండకూడదు. అది తేలేదాకా ఫలితాల 5 కూడా ఖాయం చేయొద్దు, 'విచారణ తర్వాత' అని రాయండి.

జీడిమెట్ల క్యూసీ: క్యూఏకి మెయిల్ పెట్టాను సార్. మా బాస్ మాత్రం 4.2 వేసి పంపెయ్యమంటున్నారు. ప్రవర్తనకు 2 వేసి, రెండు అంకెలూ విడిగానే పంపుతున్నాను, సంతకం ఆయన ఇష్టం. వచ్చే వారం నుంచి అర్జెంట్ శాంపిల్స్ ముగ్గురికి పంచుతున్నాను. సోమవారం పదకొండింటికి అతనితో కూర్చుంటున్నాను. ఈసారి క్యాంటీన్‌లో కాదు.